రెండు గుడ్లు, ఒక తెల్లసొన కలిపిన ఆమ్లెట్‌లో ప్రోటీన్ ఎంత?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. రోజూ ఉదయం రెండు గుడ్లు, ఒక తెల్లసొన కలిపి ఆమ్లెట్ తింటే 20 గ్రాముల ప్రోటీన్ వస్తుందని జిమ్‌లో చెప్పారట. నేను ఫోన్‌లో చూస్తే ఒకచోట గుడ్డుకు 6 గ్రాములని, ఇంకోచోట 13 గ్రాములని ఉంది. మేము కిరాణా కొట్టులో అట్టల లెక్కన తెచ్చుకునే గుడ్లు ఒక్కోసారి మరీ చిన్నవి వస్తున్నాయి. అసలు ఈ ఆమ్లెట్‌లో ఎంత ఉంటుంది? 20 చేయాలంటే గుడ్డు పెంచాలా, తెల్లసొన పెంచాలా?

సమాధానం:

మన కొట్లలో సాధారణంగా దొరికే 52 గ్రాముల గుడ్లతో చేస్తే అందులో సుమారు 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. గుడ్లు బాగా చిన్నవైతే 12కు దిగుతుంది, బాగా పెద్దవైతే 17 దాటుతుంది. 20 రావాలంటే మామూలు గుడ్లతో ఇంకా రెండు తెల్లసొనలో, లేదా ఇంకొక పూర్తి గుడ్డో కలపాలి. ఈ రెండింటిలో ఏది మేలన్నది మీ అబ్బాయి బరువు తగ్గాలనుకుంటున్నాడా, పెరగాలనుకుంటున్నాడా అన్న దానిని బట్టి ఉంటుంది కనుక ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, ఇకపై ఏ సైజు గుడ్లు వచ్చినా మీరే లెక్క వేసుకోగలుగుతారు.

మీరు చూసిన 6, 13 రెండూ సరైన అంకెలే, కాని అవి వేర్వేరు కొలతలకు చెందినవి. 13 అన్నది పెంకు తీసిన 100 గ్రాముల గుడ్డుకు చెప్పిన లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికలలో కోడిగుడ్డుకు 100 గ్రాములకు 13.3 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది, అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అదే 12.6 గ్రాములు. పరీక్షకు తీసుకున్న గుడ్లు వేరు కనుక ఆ మాత్రం తేడా సహజమే. మన ఇళ్లలో వాడే గుడ్డులో పెంకు పోగా మిగిలేది 100 గ్రాములు కాదు, 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఒక గుడ్డుకు వచ్చేసరికి ఆ 13 కాస్తా 6 దగ్గర ఆగుతుంది. ‘గుడ్డులో 13 గ్రాముల ప్రోటీన్’ అని చదివి రోజుకు రెండు గుడ్లతో 26 గ్రాములు అందుతున్నాయని నమ్మిన వాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల లెక్క సరిగ్గా రెండింతలు తప్పు.

ఇక ఆ 6 గ్రాములైనా ఎవరి గుడ్డుకు చెప్పినది? ఫోన్‌లోని యాప్‌లు చాలావరకు అమెరికా పట్టికనే వాడతాయి. అందులో ‘Large’ అని కనిపించేది పెంకుతో కలిపి దాదాపు 57 గ్రాములు తూగే గుడ్డు. దానిలో పెంకు పోగా 50 గ్రాములు మిగులుతుంది, ప్రోటీన్ 6.3 గ్రాములు. ఆ 50లో తెల్లసొన 33 గ్రాములు, పచ్చసొన 17 గ్రాములు. తెల్లసొనలో 3.6 గ్రాముల ప్రోటీన్, పచ్చసొనలో 2.7 గ్రాములు. ఈ అంకెలతో మీ ఆమ్లెట్‌ను లెక్క వేస్తే 6.3, 6.3, 3.6 కలిపి 16.2 అవుతుంది. అంటే అమెరికా గుడ్డుతోనే 20 రాలేదు. జిమ్‌లో చెప్పినవారు తెల్లసొనను కూడా పూర్తి గుడ్డుతో సమానంగా 6 అని లెక్కవేసి, 18ని 20గా చెప్పి ఉండవచ్చు. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు.

మన దగ్గర అగ్‌మార్క్ వర్గీకరణ ప్రకారం పెంకుతో కలిపి 60 గ్రాములు, ఆపైన తూగినవి అతి పెద్దవి, 53 నుంచి 59 వరకు పెద్దవి, 45 నుంచి 52 వరకు మధ్యస్థం, 38 నుంచి 44 వరకు చిన్నవి. కాని కొట్టులో అట్ట కొనేటప్పుడు ఈ మాటలేవీ ఎవరూ చెప్పరు. ఒకే అట్టలో 46 గ్రాములదీ 58 గ్రాములదీ పక్కపక్కన కూర్చుని ఉంటాయి. అందుకని సైజు పేరును పట్టుకోవడం కంటే తూకాన్ని పట్టుకోవడం మేలు. వంటింట్లో చిన్న డిజిటల్ తూకం ఉంటే అట్ట నుంచి చూపుకు మధ్యరకంగా కనిపించే పది గుడ్లు తీసి, ఖాళీ గిన్నె బరువు తీసివేసి, ఒకేసారి తూచి పదితో భాగించండి. వచ్చిన అంకె ఆ అట్టంతటికీ పనికొస్తుంది. తూకం లేకపోతే కూరగాయల దుకాణంలోనైనా తూయించవచ్చు, ఒక్కసారి తెలిస్తే కంటికి అంచనా కుదురుతుంది.

గుడ్డు బరువు తెలిశాక నేను వాడే లెక్క చాలా తేలిక. పెంకుతో కలిపిన గుడ్డు బరువులో తొమ్మిదో వంతు ఆ గుడ్డులోని మొత్తం ప్రోటీన్, పదహారో వంతు దాని తెల్లసొనలోని ప్రోటీన్. గుడ్డు బరువులో పెంకు సుమారు 12 శాతం, తెల్లసొన 58 శాతం, పచ్చసొన 30 శాతం ఉంటుందన్న సగటు మీద ఈ లెక్క నిలబడింది. 52 గ్రాముల గుడ్డును తీసుకుంటే, తొమ్మిదో వంతు 5.8, పదహారో వంతు 3.3. రెండు గుడ్లకు 11.6, దానికి 3.3 కలిపితే 14.9. నేను మొదట చెప్పిన 15 ఇదే. 44 గ్రాముల చిన్న గుడ్లయితే ఒక్కోదానికి 4.9, తెల్లసొనకు 2.7 చొప్పున మొత్తం 12.5. 62 గ్రాముల పెద్ద గుడ్లయితే 6.9, 6.9, 3.9 కలిపి 17.7. ఒకే ఆమ్లెట్, ఒకే గుడ్ల సంఖ్య, కాని చిన్న గుడ్డుకూ పెద్ద గుడ్డుకూ మధ్య 5 గ్రాముల తేడా వచ్చింది. అది దాదాపు ఒక గుడ్డుకు సమానం.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఈ ఆమ్లెట్‌నే చేసుకుంటే అంకె మళ్లీ మారుతుంది. బ్రిటన్‌లోనూ యూరప్ దేశాల్లోనూ 63 నుంచి 73 గ్రాముల గుడ్డును మాత్రమే ‘లార్జ్’ అంటారు. మధ్యలో 68 గ్రాములనుకుంటే రెండు గుడ్లు, ఒక తెల్లసొనతో 19 గ్రాములు దాటుతుంది. అమెరికా ‘లార్జ్’ అక్కడికి వెళితే ‘మీడియం’ అవుతుంది. కనుక ఎవరైనా వీడియోలో చెప్పిన అంకెను తీసుకునేముందు వాళ్ల చేతిలో ఉన్నది ఏ దేశపు గుడ్డో చూడాలి.

మీ గుడ్లు ఒక్కోసారి మరీ చిన్నవి రావడానికి కారణం కొట్టువాడి మోసం కానవసరం లేదు. ఫారంలో కోడిపెట్ట సుమారు 18 నుంచి 20 వారాల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ తొలి గుడ్లు చిన్నవిగా ఉంటాయి, పెట్ట వయసు పెరిగే కొద్దీ గుడ్డు కూడా పెరుగుతుంది. ఏదైనా ఫారంలో కొత్త పెట్టల గుంపు దిగితే కొన్ని వారాలపాటు ఆ ప్రాంతానికి చిన్న గుడ్లే వస్తాయి. రెండో కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో వేడికి కోళ్లు మేత తగ్గించేస్తాయి, దానితో గుడ్డు బరువూ తగ్గుతుంది, పెంకూ పల్చబడుతుంది. వేసవిలో అట్టలో పగిలిన గుడ్లు ఎక్కువ కనిపించడానికి అదీ ఒక కారణం.

ఈ చిన్న గుడ్ల సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల క్రితం నేను డైటీషియన్‌గా పనిచేసిన ఒక ఆసుపత్రిలో డయాలసిస్ రోగులకు మధ్యాహ్నం మూడు ఉడికించిన తెల్లసొనలు ఇచ్చేవాళ్లం. వాళ్లకు ప్రోటీన్ బాగా కావాలి, కాని పచ్చసొనలో భాస్వరం ఎక్కువ కనుక తెల్లసొన ఇస్తారు. మా చార్టులో మూడింటికి 11 గ్రాములని రాసి ఉండేది, ఆ చార్టును అమెరికా పట్టిక చూసి తయారుచేశారు. ఒక మే నెలలో వంటమనిషి నన్ను పిలిచి, ‘అమ్మా, గుడ్లు గోళీల్లా వస్తున్నాయి, మీరు ఒకసారి చూడండి’ అన్నాడు. తూచి చూస్తే సగటున 42 గ్రాములు. మూడు తెల్లసొనల్లో ఉన్నది 8 గ్రాములే. రోజుకు 3 గ్రాముల చొప్పున ఎన్ని వారాలుగా తగ్గుతోందో కూడా మాకు తెలియదు. ఆ తరువాత చార్టులో ‘మూడు తెల్లసొనలు’ అన్న మాటను కొట్టివేసి ‘100 గ్రాముల తెల్లసొన’ అని రాయించాను. 100 గ్రాముల తెల్లసొనలో దాదాపు 11 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, గుడ్డు ఏ సైజుదైనా అది మారదు. ఇంట్లో కూడా తూకం ఉంటే తెల్లసొనను ఇలా బరువుతో కొలవడమే అన్నిటికన్నా నికరమైన పద్ధతి. తూకం లేకపోతే రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు, ఒక మామూలు గుడ్డు తెల్లసొనకు దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు పచ్చసొన విషయం. ‘ప్రోటీన్ అంతా తెల్లసొనలోనే ఉంటుంది, పచ్చసొన కొవ్వు మాత్రమే’ అని చాలామంది అనుకుంటారు. పైన ఇచ్చిన అంకెలు మళ్లీ చూడండి. 6.3లో 2.7 పచ్చసొనది. మొత్తంలో అయిదింట రెండు వంతులకు పైగా ఆ చిన్న ముద్దలోనే ఉంది. నిజానికి గ్రాముకు గ్రాము పోల్చితే పచ్చసొనలోనే ప్రోటీన్ ఎక్కువ. తెల్లసొనలో దాదాపు 88 శాతం నీరే. పచ్చసొనలో నీరు సగానికి దగ్గరగా ఉంటుంది కనుక 100 గ్రాములకు 16 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, తెల్లసొనలో 11. తెల్లసొన గొప్పతనం మరోచోట ఉంది. దానిలో కొవ్వు లేనట్టే, కనుక చాలా తక్కువ కేలరీలతో ప్రోటీన్ అందుతుంది. 52 గ్రాముల గుడ్డు తెల్లసొనలో 16 కేలరీలు ఉంటే, పచ్చసొనలో 50 ఉంటాయి. గుడ్డులోని కొవ్వు, కొలెస్టరాల్, ఎ, డి విటమిన్లు, కోలీన్ దాదాపు అన్నీ పచ్చసొనలోనే ఉంటాయి. అంటే పచ్చసొన తీసేస్తే కొవ్వు ఒక్కటే పోదు, వీటితోపాటు ప్రోటీన్‌లో రెండున్నర గ్రాములూ పోతాయి.

దీని నుంచి వంటింట్లో గుర్తుంచుకోదగిన మారకం ఒకటి వస్తుంది. ఒక పూర్తి గుడ్డు తగ్గించి దాని స్థానంలో ఒక తెల్లసొన వేస్తే ప్రోటీన్ తగ్గుతుంది, రెండు తెల్లసొనలు వేస్తే కొంచెం పెరుగుతుంది. 5.8ని 3.3తో భాగిస్తే 1.75 వస్తుంది కనుక ఒక గుడ్డుకు సరిసమానం దాదాపు ఒకటిముప్పావు తెల్లసొనలు. ముప్పావు తెల్లసొనను ఎవరూ కొలవరు కాబట్టి ‘ఒకటికి రెండు’ అనుకుంటే చాలు.

మీ 15ను 20 చేయడానికి దారులు రెండు అన్నాను కదా. 52 గ్రాముల గుడ్లతో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇప్పుడు మీరు చేస్తున్న రెండు గుడ్లు, ఒక తెల్లసొన ఆమ్లెట్‌లో నూనె కాకుండా 148 కేలరీలు, 9 గ్రాముల కొవ్వు ఉంటాయి. దానికి ఇంకో రెండు తెల్లసొనలు కలిపి రెండు గుడ్లు, మూడు తెల్లసొనలు చేస్తే ప్రోటీన్ 21.5 గ్రాములకు చేరుతుంది, కేలరీలు 180, కొవ్వు మాత్రం 9 దగ్గరే ఉంటుంది. అలా కాక ఒక పూర్తి గుడ్డు పెంచి మూడు గుడ్లు, ఒక తెల్లసొన చేస్తే ప్రోటీన్ 20.7, కేలరీలు 214, కొవ్వు 13 గ్రాములు. మొదటి పద్ధతికి మొత్తం అయిదు గుడ్లు పగలగొట్టాలి, మూడు పచ్చసొనలు మిగులుతాయి. రెండో పద్ధతికి నాలుగే గుడ్లు, మిగిలేది ఒకటే పచ్చసొన.

మీ అబ్బాయి బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నాడా, పెరిగే ప్రయత్నంలో ఉన్నాడా అన్నది మీరు రాయలేదు. తగ్గాలనుకుంటే మొదటి పద్ధతి మంచిది. బరువు పెరగాలనుకునే సన్నటి కుర్రాడైతే, కొలెస్టరాల్ సమస్య లేకపోతే, తెల్లసొనల కోసం అయిదు గుడ్లు పగలగొట్టడంలో అర్థం లేదు, రెండో పద్ధతే నయం. కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు పచ్చసొనలు పెంచేముందు తమ డాక్టర్‌ను అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారైతే ప్రోటీన్‌ను ఏ రూపంలోనూ సొంతంగా పెంచకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెల్లసొనకు 16 కేలరీలా, పచ్చసొనకు 50 కేలరీలా అని పట్టి పట్టి లెక్కవేసేవారు పెనం మీద నూనె పోసేటప్పుడు మాత్రం సీసా వంచేస్తారు. ఒక చిన్న చెంచా నూనెలోనే 40 కేలరీలు ఉంటాయి. మూడు చెంచాల నూనె పోసిన ఆమ్లెట్‌లో పచ్చసొన తీసి దాచిన కేలరీలన్నీ రెండింతలై తిరిగి వచ్చేస్తాయి. నూనెను సీసాతో పోయకుండా చెంచాతో కొలిచి పోయండి.

ఇంకో సంగతి. 20 గ్రాములూ గుడ్డు నుంచే రావాలని నియమమేమీ లేదు. ఇప్పటి ఆమ్లెట్‌ను అలాగే ఉంచి పక్కన ఒక గ్లాసు పాలు ఇస్తే, 200 మిల్లీలీటర్లకు దాదాపు ఆరున్నర గ్రాములు కలిసి, 21 దాటుతుంది. పాలు పడేవారికి నేను చెప్పే మొదటి సలహా ఇదే, ఎందుకంటే దీనిలో పచ్చసొనలు మిగలవు, ఆమ్లెట్ రుచీ చెడదు.

రుచి మాట ఎందుకంటే, తెల్లసొన పెంచిన ఆమ్లెట్ మామూలు ఆమ్లెట్‌లాగా వేస్తే బాగా రాదు. రెండు గుడ్లు, ఒక తెల్లసొన కలిపితే 122 గ్రాముల మిశ్రమం అవుతుంది. రెండు గుడ్లు, మూడు తెల్లసొనలైతే 182 గ్రాములు, అంటే ఒకటిన్నర రెట్లు. అదే పెనం మీద పోస్తే మందంగా పరుచుకుని, అడుగు ఎర్రబడేసరికి లోపల ఇంకా జారుడుగానే ఉంటుంది. లోపల ఉడికేదాకా ఉంచితే అడుగు రబ్బరులా సాగుతుంది, పళ్లెంలో పెట్టిన కాసేపటికి చుట్టూ నీరు ఊరుతుంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వద్ద గట్టిపడడం మొదలుపెడుతుంది. ఆ తరువాత వేడి పెరిగే కొద్దీ ప్రోటీన్ పోగులు దగ్గరికి బిగుసుకుని, మధ్యలో పట్టి ఉంచిన నీటిని పిండేస్తాయి. పచ్చసొనలోని కొవ్వు ఈ బిగుతును కొంత ఆపుతుంది కనుకనే మామూలు ఆమ్లెట్ మెత్తగా ఉంటుంది. తెల్లసొన ఎక్కువైన కొద్దీ మంట తగ్గించాలి, మూత పెట్టాలి. వెడల్పాటి పెనం లేకపోతే రెండు పల్చటి ఆమ్లెట్లుగా వేయడమే మంచిది. ఉల్లిపాయ ముక్కలను పచ్చిగా గిలక్కొట్టిన సొనలో కలిపితే అవీ నీరు వదులుతాయి కాబట్టి ముందు అర చెంచా నూనెలో పచ్చిమిరపతో పాటు మగ్గించి, ఆ తరువాత సొన పోయండి. ఉప్పు కూడా పోయబోయే ముందు కలిపితే చాలు. పసుపు చిటికెడు వేస్తే పచ్చసొన తక్కువైన వెలితి కంటికి తెలియదు, ఇంట్లో తినేవాళ్లు పేచీ పెట్టరు.

ఉడికిన తరువాత ఆమ్లెట్‌ను తూచి లెక్క వేయకండి. వేడికి నీరు ఆవిరై బరువు తగ్గుతుంది గాని ప్రోటీన్ ఎక్కడికీ పోదు. 122 గ్రాముల మిశ్రమం ఉడికాక 105 గ్రాములైందనుకుందాం. ఆ 105ను యాప్‌లో పచ్చి గుడ్డు లెక్కలో ఎక్కిస్తే 13 గ్రాములని చూపిస్తుంది. నిజంగా ఉన్నది 15. పైగా అందులో ఉల్లిపాయ బరువూ కలిసి ఉంటే ఆ అంకెకు అర్థమే ఉండదు. యాప్‌లో ‘Egg, whole, raw’, ‘Egg, white, raw’ అన్న రెండు వరుసలను విడివిడిగా ఎంచుకుని, పగలగొట్టిన తరువాత తూచిన బరువును గ్రాముల్లో ఎక్కించండి. అదే జాబితాలో ఎండబెట్టిన తెల్లసొన పొడి కూడా ఉంటుంది. దానిలో 100 గ్రాములకు 80 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది కనుక పొరపాటున ఆ వరుస నొక్కితే ఒక్క తెల్లసొనకే 24 గ్రాములు చూపిస్తుంది. అంకె మరీ పెద్దదిగా కనిపిస్తే ముందు అనుమానించవలసింది దీన్నే.

గుడ్డు పగలగొట్టేటప్పుడు ఒక చిన్న నష్టం జరుగుతుంది, అది ఎవరూ పట్టించుకోరు. పెంకు లోపల రెండు మూడు గ్రాముల తెల్లసొన అంటుకుని ఉండిపోతుంది. ఒక గుడ్డుకు ఇది లెక్కలోకి రాదు, కాని అయిదు గుడ్లు పగలగొడితే గ్రామున్నర దాకా ప్రోటీన్ చెత్తబుట్టలోకి వెళుతుంది. బొటనవేలితో పెంకు లోపల ఒకసారి తుడిస్తే సరిపోతుంది. సొనలు విడదీయడానికి ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన చల్లటి గుడ్డు అనువుగా ఉంటుంది. నిలవ గుడ్డులో పచ్చసొన చుట్టూ ఉండే పొర బలహీనపడి చటుక్కున చితికిపోతుంది. ఆమ్లెట్‌కే కనుక కాస్త పచ్చసొన కలిసినా నష్టమేమీ లేదు. నిలవ ఉన్న గుడ్డు పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు కోల్పోయి కొంచెం తేలికవుతుంది, దాని ప్రోటీన్ మాత్రం తగ్గదు, కాబట్టి అలాంటి గుడ్డుకు నా తొమ్మిదో వంతు లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. ఏమైనా ఒక గ్రాము అటూ ఇటూ అవుతుందని ముందే ఒప్పుకుని లెక్క వేయాలి. దశాంశాల వెంటపడడం వృథా శ్రమ.

నాటుకోడి గుడ్లు వాడితే ఎలా అని కొందరు అడుగుతుంటారు. వాటి బరువు తరచుగా 40 గ్రాముల దగ్గర ఉంటుంది. పచ్చసొన వాటా కొంచెం ఎక్కువే అయినా మొత్తం గుడ్డే చిన్నది కనుక ఒక్కోదానికి నాలుగున్నర గ్రాములకు మించి రాదు. రుచి కోసం కొనండి, ప్రోటీన్ కోసమైతే ధరకు తగిన ఫలితం ఉండదు. పెంకు రంగు గోధుమదైనా తెల్లదైనా, పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉన్నా లేత పసుపులో ఉన్నా ప్రోటీన్‌లో తేడా ఉండదు. పచ్చసొన రంగు మేతను బట్టి వస్తుంది.

తెల్లసొనను పచ్చిగా పాలలో కలుపుకుని తాగే అలవాటు మీ అబ్బాయికి ఉంటే మాన్పించండి. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వండిన గుడ్డు ప్రోటీన్‌లో దాదాపు 91 శాతం ఒంటికి పట్టగా, పచ్చి గుడ్డు ప్రోటీన్‌లో 51 శాతమే పట్టిందని తేలింది. పచ్చి తెల్లసొనలో ప్రోటీన్ జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, బయోటిన్ అనే విటమిన్‌ను పట్టి ఉంచే అవిడిన్ ఉంటుంది. వేడి తగిలితే వీటి బలం తగ్గుతుంది. సాల్మొనెల్లా భయం అదనం.

ఇక మిగిలిన పచ్చసొనలు. రెండు గుడ్లు, మూడు తెల్లసొనల పద్ధతి పాటిస్తే రోజూ మూడు మిగులుతాయి. మా ఇంట్లో ఒకప్పుడు ఇదే పరిస్థితి ఉండేది. నేను ఒక పచ్చసొనను ఒక పూర్తి గుడ్డుతో కలిపి చిన్న పిల్లకు అట్టు వేసేదాన్ని. 5.8కి రెండున్నర కలిసి 8 గ్రాములు దాటేది, పైగా అట్టు మెత్తగా ఉండేది కనుక అది మారాం చేయకుండా తినేది. మిగిలిన రెండింటిని సాయంత్రం గుడ్డు పొరటులో వేసేవాళ్లం. పచ్చసొన చితకకుండా చిన్న గిన్నెలో ఉంచి, మునిగేలా కాసిని నీళ్లు పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు నిలుస్తుంది. అంతకు మించి ఉంచకండి. పచ్చసొనలు తినేవారు మీ ఇంట్లో ఎవరూ లేకపోతే మూడు గుడ్లు, ఒక తెల్లసొన పద్ధతికో, పాలకో వెళ్లండి. రోజుకు మూడు పచ్చసొనలు పారబోయడమంటే ఏడున్నర గ్రాముల ప్రోటీన్ పారబోయడమే.

ఈ వారం తెచ్చిన అట్ట సగటు బరువు ఎంత వచ్చిందో రాస్తే, అది 44 లోపల ఉన్నదా పైన ఉన్నదా చూసి కొలతలు సరిచేసి చెబుతాను. 44 గ్రాములే అయితే మూడు గుడ్లు, రెండు తెల్లసొనలతో సరిగ్గా 20 దగ్గరికి వస్తుంది.